సంజాయిషీకి ముందే శిక్ష

తొలెగెన్ ఏ కాగితాన్నైనా రెండుసార్లు చదివేవాడు. మొదటిసారి మాటల కోసం. రెండోసారి నడక కోసం.

మాటల కోసం చదివేటప్పుడు వాక్యం కింద చెక్క స్కేలు పెట్టుకుంటాడు. పక్కన ఒక తెల్లకాగితం ఉంటుంది. ఒక వస్తువుకి మొదట ఏ పేరు వాడారో దాని మీద రాసుకుంటాడు. తరువాత అదే వస్తువు ఇంకో పేరుతో కనబడితే ఎర్రపెన్సిలు తీస్తాడు. జిల్లా పత్రిక మూతపడేదాకా ఇరవై ఏళ్ళకు పైగా అక్కడ ప్రూఫులు దిద్దాడు. మూతపడ్డాక సెమెయ్ ఊరి రొట్టెల కర్మాగారంలో, సిబ్బంది శాఖలో, కాగితాలు సరిచూసే పని దొరికింది. పత్రికలో అబద్ధాలు దిద్దేవాడు, ఇక్కడ ఉత్తర్వులు దిద్దుతున్నాడు. రెండింటికీ పెద్ద తేడా ఉందని అతను ఎన్నడూ అనుకోలేదు.

ఆ వారం అతని బల్ల మీద ఉన్నది ఉద్యోగుల చేతిపుస్తకం. ఎడమవైపు కజక్ భాష, కుడివైపు రష్యన్. సెలవులు, జీతాలు, తలకి కట్టుకోవాల్సిన తెల్లగుడ్డ, పిండిగదిలో నిషేధించిన ఉంగరాలు అన్నీ దాటుకుని నాలుగో అధ్యాయానికి వచ్చాడు. క్రమశిక్షణ చర్యలు.

అక్కడ స్కేలు ఆగిపోయింది.

ఒక నిబంధనలో 'ఉద్యోగి జవాబు వినాలి' అని ఉంది. దాని కిందిదాంట్లో 'వివరణ ఇవ్వకపోతే నిరాకరణ పత్రం రాయాలి' అని ఉంది. రెండు నిబంధనలు దాటాక, శిక్ష ఉత్తర్వు ముచ్చట కూడా అయిపోయాక, 'ఉద్యోగి నుంచి లిఖితపూర్వక సంజాయిషీ కోరాలి' అని ఉంది. జవాబు, వివరణ, సంజాయిషీ. మూడూ ఒకటేనా? మూడు వేర్వేరా? రష్యన్ వైపు చూశాడు. అక్కడ రెండే మాటలున్నాయి, అవి కూడా తారుమారుగా.

ఇలాంటి చోట తొలెగెన్ కాగితాన్ని నమ్మడు. పాత క్యాలెండరు వెనకవైపు ముక్కలుగా చింపి, ఒక్కో ముక్క మీద ఒక్కో అడుగు రాశాడు. తప్పు జరిగిందని మేస్త్రీ నివేదిక. పెద్దల సభ. నిరాకరణ పత్రం. ఉత్తర్వు. సంజాయిషీ కోరడం. ఉద్యోగి సంతకం. అప్పీలు. పుస్తకంలో ఉన్న వరసలోనే వాటిని బల్ల మీద పేర్చాడు. ఇప్పుడు ఒక మనిషిని తీసుకుని ఆ అడుగుల మీద నడిపించాలి. ఎక్కడ కాలు జారుతుందో అక్కడ తప్పు ఉన్నట్టు.

నడిపించడానికి మనిషి కోసం వెతకనక్కరలేదు. ఆ వారం కర్మాగారమంతా ఒకే మనిషి గురించి మాట్లాడుకుంటోంది. రొట్టెల బళ్ళని పంపే గుమాస్తా ముర్జాబెక్. పోయిన వారం ఒక పొద్దున పనివేళలో చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. మూడు గంటలు దాటాక తిరిగొచ్చాడు. ఆ పొద్దున బళ్ళు కదలలేదు. బడులకి రొట్టె అందలేదు. అంతసేపు లేకపోతే కొలువు తీసెయ్యడానికి చట్టం ఒప్పుకుంటుంది, సరైన కారణం లేకపోతేనే.

మంగళవారం ముర్జాబెక్‌ని పెద్దల సభ ముందు నిలబెట్టారు.

ఆ సభ ఈ కర్మాగారం సొంత ఆచారం. పదవీ విరమణ చేసిన ముసలి రొట్టెల మేస్త్రీలు, తెల్లగడ్డాల అక్సకాల్‌లు, వరసగా కూర్చుంటారు. తప్పు చేసినవాడు టోపీ తీసి నిలబడతాడు. వాళ్ళు చీవాట్లు పెడతారు. నీ తండ్రి బతికుంటే ఏమనేవాడురా అంటారు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే చిన్నవాడు ఎదురు చెప్పడం కజక్ ఇంట పుట్టినవాడు చేసే పని కాదు. తల దించుకుంటాడు. దించుకున్నవాడే మంచివాడు.

ముర్జాబెక్ తల దించుకున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. అదే రోజు మధ్యాహ్నం, వివరణ ఇవ్వడానికి ఉద్యోగి నిరాకరించాడని పత్రం తయారైంది. ముగ్గురు సాక్షులు సంతకాలు పెట్టారు. కొలువు నుంచి తీసేస్తున్నట్టు ఉత్తర్వు టైపు అయింది. డైరెక్టరు రాజధాని అస్తానా నుంచి శుక్రవారం వస్తాడు. వచ్చి సంతకం పెట్టడమే మిగిలింది.

తొలెగెన్ కాగితం ముక్కల మీద ముర్జాబెక్‌ని మొదటినుంచి చివరిదాకా నడిపించాడు. ఎక్కడా ఎవరూ అతనికి ఒక కాగితం ఇచ్చి, ఇదిగో నీ మాట నువ్వు రాసి ఇయ్యి అని అడగలేదు. శిక్ష పడ్డాక అడుగుతారట. ముందు ఉరి, తరువాత విచారణ.

ఇది ఎలా జరిగిందో కూడా అతనికి అర్థమైంది. రెండు పాత కాగితాలని ఎవరో కలిపి కుట్టారు. ఒకటి పెద్దల సభ నియమాలు, ఇంకొకటి వకీలు పంపిన చట్టం ముక్కలు. చట్టం చెప్పేది వేరు. ముందు సంజాయిషీ రాతలో కోరాలి. రెండు పని దినాలు గడువివ్వాలి. అప్పటికీ ఇవ్వకపోతేనే నిరాకరణ పత్రం. ఆ తరువాతే శిక్ష. కుట్టినవాడు సభలో మౌనాన్ని తీసుకొచ్చి, సంజాయిషీ ఇవ్వకపోవడానికి ముడేశాడు. మర్యాదని నేరంగా రాశాడు.

ఎర్రపెన్సిలు చేతిలోనే ఉంది. తొలెగెన్ దాన్ని కాగితం మీద పెట్టలేదు. కిటికీలోంచి కిందకి చూశాడు. పెరట్లో బళ్ళ దగ్గర, చెవులదాకా టోపీ లాక్కుని ముర్జాబెక్ నిలబడి ఉన్నాడు. నోట్లోంచి ఆవిరి వస్తోంది.

తొలెగెన్‌కి ఆ మనిషి గొంతు గుర్తుంది. ఫోనులో విన్న గొంతు. ఆరేళ్ళ కిందటి మంచుతుఫాను. తొలెగెన్ భార్య కుల్పాష్ ఛాతీ పట్టుకుని పొయ్యి పక్కన కూలబడింది. అంబులెన్సు బయలుదేరింది అన్నారు, రాలేదు. తొలెగెన్ కర్మాగారానికి ఫోను చేశాడు. పెరట్లో ఖాళీ బండి ఉంది, నడిపేవాడూ ఉన్నాడు. 'ట్రిప్ షీటు మీద మెకానిక్ సంతకం లేదు ఆగా, సంతకం లేకుండా బండి గేటు దాటకూడదు' అన్నాడు ముర్జాబెక్, పెద్దన్నని పిలిచినట్టు ఆగా అంటూనే. మెకానిక్ ఎక్కడో మంచులో ఇరుక్కున్నాడు. ఆ సంతకం వచ్చేలోపు కుల్పాష్ పోయింది.

అప్పటినుంచి తొలెగెన్ ఆ మనిషితో మాట్లాడలేదు. ముర్జాబెక్ సలాము చెబితే గోడకి చెప్పినట్టే.

ఇప్పుడు ఏమీ చెయ్యనక్కరలేదు. ప్రూఫుని సొరుగులో పెట్టి, శుక్రవారం సాయంత్రం దిద్దితే చాలు. డైరెక్టరు ఉత్తర్వు మీద సంతకం పెట్టేస్తాడు. తరువాత పుస్తకం సరిగ్గానే అచ్చవుతుంది. ఆలస్యం చేశావని ఎవడూ అడగడు. నూట ఇరవై పేజీల పుస్తకం మరి.

ప్రూఫుని సొరుగులో పెట్టాడు. తాళం వేసి భోజనానికి వెళ్ళాడు.

క్యాంటీనులో పొయ్యిల దగ్గర పనిచేసే ఆడవాళ్ళు ఒక బల్ల నిండా కూర్చున్నారు. వాళ్ళల్లో దామెత్కెన్ నోరు పెద్దది. చేతులు ఇంకా పెద్దవి. తొలెగెన్ పళ్ళెం పెట్టుకుంటుంటే చూసింది.

"ఏం ఆగా, ఇవాళైనా టీలో వెన్న వేసుకోవా? పండగ కదా నీకు!"

"ఏం పండగ?"

"అయ్యో, తెలీనట్టు! ముర్జాబెక్‌ని సాగనంపుతున్నారుగా. నీకోసం దేవుడే చీపురు పట్టుకున్నాడు."

పక్కనున్నావిడ మోచేత్తో పొడిచింది. "ఊరుకోవే. పాపం ముగ్గురు పిల్లలు వాడికి."

"నేను పిల్లల్ని అన్నానా? అంతసేపు ఎక్కడ తిరిగాడట? పెద్దవాళ్ళు అడిగితే నోట్లో పిండి పోసుకున్నట్టు నిలబడ్డాడు. చెప్పుకోడానికి ఏదన్నా ఉంటే చెప్పుకునేవాడు కాదా?"

"పెద్దల సభలో నువ్వు చెప్పుకున్నావా పోయినేడు?" అంది ఆవిడ. "తడిసిన పిల్లిలా ముడుచుకుని నిలబడ్డావు. నీ నోరు అప్పుడేమైంది?"

బల్ల మొత్తం నవ్వింది. దామెత్కెన్ కూడా నవ్వింది. "అది వేరే. సభలో ఖాజిమురాత్ తాత ముందు నోరు తెరిస్తే మా అమ్మ గోరీలోంచి లేచొచ్చి కొడుతుంది." మళ్ళీ తొలెగెన్ వైపు తిరిగింది. "అయినా నీకెందుకులే ఆగా. నీ చేతికి మట్టి అంటకుండానే పని అయిపోయింది. కూర్చుని తిను."

తొలెగెన్ తినలేదు. నూడుల్సు మీద కొవ్వు గడ్డకట్టేదాకా చూసి లేచాడు.

జాలి పడలేదు. జాలి లాంటిది ఏదైనా వస్తే దాన్ని ఎలా తరమాలో అతనికి తెలుసు. అతన్ని కొరికింది దామెత్కెన్ చివరి మాట. చేతికి మట్టి అంటకుండా. అతని పగ అతనిది. ఆరేళ్ళు పెంచి పోషించాడు. దాన్ని ఎవడో చేతకానివాడు కలిపి కుట్టిన తప్పుడు కాగితం వచ్చి తీర్చిపెట్టడమా? రేపు ముర్జాబెక్ వీధిలో కనబడి, నన్ను అడక్కుండా తీసేశారు అంటే, ఆ మాట నిజమవుతుంది. ఆ మనిషి నోట్లో ఒక్క నిజమైన ఫిర్యాదు కూడా ఉండటం తొలెగెన్‌కి ఇష్టం లేదు.

వచ్చి సొరుగు తాళం తీశాడు. నాలుగో అధ్యాయం మీద ఎర్రపెన్సిలు పెట్టాడు. సంజాయిషీ కోరే నిబంధనని గుండ్రంగా చుట్టి, బాణంగీత గీసి నివేదిక కిందకి తెచ్చాడు. 'జవాబు', 'వివరణ' అన్నచోటల్లా కొట్టేసి 'లిఖితపూర్వక సంజాయిషీ' అని రాశాడు. పెద్దల సభ పక్కన అంచులో ఇలా రాశాడు: 'ఇది సలహా మాత్రమే. ఇక్కడ ఉద్యోగి మౌనం సంజాయిషీ నిరాకరణ కాదు. నిరాకరణ పత్రం గడువు దాటాకే.' రష్యన్ వైపు కూడా అదే వరస, అవే మాటలు. చివరన ఇంకో వాక్యం చేర్చాడు: 'ప్రస్తుతం సంతకానికి సిద్ధంగా ఉన్న తొలగింపు ఉత్తర్వు ఈ తప్పు వరసలోనే నడిచింది. నిలబడదు.'

సిబ్బంది శాఖ అధికారిణి రీమ్‌కుల్ వయసులో అతని కూతురంత ఉంటుంది. చట్టం చదువుకుంది. ఎర్రగీతలు చూసి కుర్చీలో వెనక్కి వాలింది.

"ఆగా, ఇది కామాలు దిద్దమని ఇచ్చాను కదా."

"కామాలు కూడా దిద్దాను."

"ముర్జాబెక్ గురించి ఎవరు అడిగారు మిమ్మల్ని?"

"పుస్తకం అడిగింది. నువ్వే చదువు. పై నుంచి కిందకి ఆ మనిషిని నడిపించి చూడు."

ఆమె చదివింది. వేలు పెట్టి పైకి వెళ్ళి, మళ్ళీ కిందకి వచ్చి చదివింది. చెవులు ఎర్రబడ్డాయి. "ఇది నేనే కలిపాను" అంది మెల్లగా. "వకీలు పంపింది సభ నియమాల కింద అతికించాను. వరస చూసుకోలేదు."

ఓదార్చడం తొలెగెన్ పని కాదు.

ఉప డైరెక్టరు ఎసెన్ పిలవకుండానే వచ్చాడు. చెడ్డ వార్తలు ఆ మనిషికి వాసన మీదే తెలుస్తాయి. నిలబడే చదివాడు.

"ఏంటి ముసలాయనా ఇది? నీ పని తప్పులు ఏరడం. తప్పులు పుట్టించడం కాదు."

"ఏరిందే రాశాను."

"చూడు, ఎన్నేళ్ళుగా ఇలాగే నడుస్తోంది. సభలో మాట్లాడనివాడు ఒప్పుకున్నట్టే. ఇప్పుడు నువ్వొచ్చి..." గొంతు తగ్గించి పక్కన కూర్చున్నాడు. "నువ్వే ఇలా రాస్తావనుకోలేదు తొలెగెన్ ఆగా. ఆ మనిషి నీకు చేసింది ఊరంతా తెలుసు. నీకోసమే అనుకో. ఈ పేజీ ఒక్కటి రెండు రోజులు ఆపు."

"నాకోసం ఏం చెయ్యక్కరలేదు."

"పోనీ పుస్తకాన్నే మనం చేసినదానికి సరిపెడదాం. 'వివరణ నోటిమాటగా కూడా కోరవచ్చు' అని ఒక్క ముక్క చేర్చు. వరస అదే సర్దుకుంటుంది."

"జరిగిపోయినదానికి తగ్గట్టు వరస మార్చడం ప్రూఫు దిద్దడం కాదు. దానికి వేరే పేరుంది."

"ఏం పేరు?"

"నువ్వే రాసుకో. నేను అక్షరాలు సరిచూస్తాను."

రీమ్‌కుల్ నవ్వాపుకుని కిటికీ వైపు తిరిగింది. ఎసెన్ మొహం గట్టిపడింది. "సరే. ఖాజిమురాత్ అక్సకాల్‌ని పిలుస్తాను. సభని తప్పుపట్టేంత వాడివి, ఆయన మొహం మీదే చెప్పు."

ఖాజిమురాత్ ఆ రోజు కింద పొయ్యిల గదిలోనే ఉన్నాడు. పదవీ విరమణ అయ్యి ఎన్నో ఏళ్ళైనా రోజూ వచ్చి రొట్టె వెనకభాగం మీద వేలితో కొట్టి శబ్దం విని వెళ్తాడు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు. ఆయన కూర్చున్నాడు. ఎసెన్ విషయమంతా చెప్పాడు, తొలెగెన్ సభ పరువు తీస్తున్నాడన్నట్టు.

ముసలాయన తొలెగెన్ వైపు చూశాడు. "ఏం రాశావురా?"

తొలెగెన్ చదివి వినిపించాడు. నేల వైపు చూస్తూ చదివాడు. ఆయన తనకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద.

ఖాజిమురాత్ గడ్డం నిమురుకున్నాడు. తరువాత ఎసెన్‌ని అడిగాడు. "అంటే ఆ రోజు మేం తిడుతుంటే ఆ కుర్రాడు తల దించుకున్నాడు చూడు, దాన్ని మీరు ఏమని రాశారు?"

"వివరణ ఇవ్వడానికి నిరాకరించాడని, తాతా."

"నిరాకరించాడా? మేం అడిగితేగా! తిట్టాం. తిట్టేటప్పుడు ఎవడన్నా అడుగుతాడా? వాడు నోరెత్తుంటే నేనే చెప్పుతో కొట్టేవాణ్ణి. నోరెత్తలేదు, వీణ్ణి తల్లి బాగా పెంచిందిరా అనుకున్నాను. ఆ మంచిగుణాన్ని మీరు కాగితం మీద నేరం చేశారా?" చేతికర్ర నేలకేసి కొట్టాడు. "మా గడ్డాలని మీ సంతకాల కింద పరిచారా?"

ఎసెన్ ఏదో అనబోయాడు. ముసలాయన వినలేదు. లేస్తూ రీమ్‌కుల్‌తో అన్నాడు. "వాణ్ణి రాయమని అడుగమ్మా. మేం తిట్టేది తిట్టేశాం. అడగాల్సింది మీరు."

రీమ్‌కుల్ ఆ సాయంత్రమే నిరాకరణ పత్రాన్ని, ఉత్తర్వు ముసాయిదాని రద్దు ఫైలులో పెట్టింది. సంజాయిషీ కోరుతూ తేదీ వేసి కాగితం తయారు చేసింది. ముర్జాబెక్ అందుకున్నట్టు సంతకం పెట్టాడు. గడువు మొదలైంది.

మరునాడు పొద్దున ముర్జాబెక్ తొలెగెన్ గది గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ చేతిలో ఉంది. రెండో చేతిలో రెండు మడతల కాగితం.

"సలామ్ అలైకుమ్, ఆగా."

తొలెగెన్ తల ఎత్తలేదు.

"రీమ్‌కుల్ అక్క మీ దగ్గర చూపించుకోమంది. నా రాత... అనుకుంటే ఒకటి, రాస్తే ఒకటి అవుతుంది. తప్పులుంటే వాళ్ళు ఇంకోలా పట్టుకుంటారేమో అని భయం."

తొలెగెన్ చెయ్యి చాపాడు. మనిషిని కాదు, కాగితాన్ని తీసుకున్నాడు. కూర్చోమనలేదు.

రాత వంకరగా ఉంది. సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఆసుపత్రి సంగతి ముందు, కడుపునొప్పి సంగతి తరువాత. తొలెగెన్ స్కేలు పెట్టాడు.

"ముందు ఏం జరిగిందో ముందు రాయి. ఎప్పుడు చూశావు?"

"సరుకెత్తే కూలీ ఒకడు, ఆగా. రోజుకూలీ. బస్తాల మధ్య పడిపోయి మెలికలు తిరుగుతున్నాడు. కడుపు రాయిలా అయిపోయింది. అంబులెన్సుకి ఫోను చేశాను. బయలుదేరింది అన్నారు."

తొలెగెన్ పెన్సిలు ఆగింది. మళ్ళీ కదిలింది. "తరువాత?"

"బండి పంపుదామంటే ట్రిప్ షీట్ల మీద ఇంకా సంతకాలు కాలేదు. అందుకని నా సొంత కారులో వేసుకుని పోయాను. లోపలికి తీసుకెళ్ళి కోసేదాకా ఉన్నాను. కూలీ తరఫున సంతకం పెట్టేవాళ్ళు లేరని ఆసుపత్రివాళ్ళు నన్ను వదల్లేదు."

"ఎవరికి చెప్పి వెళ్ళావు?"

"ఎవరికీ చెప్పలేదు. అక్కడే తప్పు చేశాను. ఒక్క ఫోను చేసుంటే బళ్ళు వేరేవాళ్ళు పంపేవాళ్ళు."

"అది కూడా రాయి. దాచిన తప్పు రెండు తప్పులవుతుంది. ఇదంతా మేస్త్రీకి తెలీదా?"

ముర్జాబెక్ టోపీ నలిపాడు. "తెలుసు. కూలీకి కాంట్రాక్టు లేదు. మేస్త్రీయే ఊరికే పిలిచి పనిచేయించుకుంటున్నాడు. బయటికొస్తే తన పీకకి వస్తుందని అందర్నీ నోరు మూసుకోమన్నాడు."

"నువ్వూ మూసుకున్నావు."

"నన్ను ఎవరూ అడగలేదు కదా ఆగా."

తొలెగెన్ కాగితం తిప్పాడు. వెనకవైపు చివరన రెండు వాక్యాలు, మిగతావాటికన్నా శ్రద్ధగా రాసినవి ఉన్నాయి.

'ఇంతకుముందు ఒకసారి తుఫానులో ఒక ఉద్యోగి భార్య కోసం బండి అడిగితే సంతకం లేదని ఇవ్వలేదు. ఆమె చనిపోయింది, అందుకే ఈసారి సంతకం కోసం ఆగలేదు.'

గదిలో ఆవిరిగొట్టం టిక్కుటిక్కుమంటోంది. తొలెగెన్ ఆ వాక్యాల కింద స్కేలు పెట్టాడు. లోపల ఏదో పైకి వచ్చింది. కరిగినట్టు కాదు, కాలినట్టు. అంటే ఈ మనిషి నేర్చుకున్నాడు. నేర్చుకోవడానికి కుల్పాష్ కావాల్సొచ్చింది. ముక్కూ మొహం తెలియని రోజుకూలీ బతికాడు, ఆమె ఖర్చు మీద.

"అది ఉండొచ్చా ఆగా?" అన్నాడు ముర్జాబెక్. "అది ఈ కేసు కాదు కదా. కొట్టెయ్యమంటే కొట్టేస్తాను. మీకు..."

"నా సంగతి వదిలెయ్." తొలెగెన్ గొంతు అతనికే పరాయిగా వినబడింది. "ఎందుకు వెళ్ళావన్నదానికి ఇది కారణం. కారణం సంజాయిషీలో ఉండాలి. నీకు నష్టం రావచ్చు. ఎసెన్ దీన్ని పట్టుకుని సాగదీస్తాడు. అయినా నిజమైతే ఉంచు. అబద్ధమైతే కొట్టెయ్."

"నిజం."

"ఐతే తప్పుగా రాశావు."

ముర్జాబెక్ కాగితం మీదకి వంగాడు. "ఎక్కడ?"

"ఒక ఉద్యోగి భార్య. ఏ ఉద్యోగి? ఏ భార్య? కూలీ పేరు రాశావు. డాక్టరు పేరు కూడా రాశావు. ఆసుపత్రి కాపలావాడి పేరు కూడా రాశావు. ఆమెకి పేరు లేదా?"

"ఉంది ఆగా."

"తెలుసా నీకు?"

"తెలుసు."

"రాయి."

తెల్లకాగితం, పెన్ను ముందుకి తోశాడు. ఈసారి కుర్చీ కూడా కాలితో జరిపాడు. ముర్జాబెక్ కూర్చుని మొదటినుంచి శుభ్రంగా ఎత్తిరాయడం మొదలుపెట్టాడు. తొలెగెన్ పక్కనే నిలబడి ఒక్కో వాక్యం చూస్తూ ఉన్నాడు. పడిపోయిన కూలీ. ఫోను. సొంత కారు. ఆసుపత్రి. ఎవరికీ చెప్పకపోవడం. తిరిగి రావడం. కిందకి వచ్చేసరికి ముర్జాబెక్ పెన్ను ఆగింది. కుల్పాష్ అని రాశాడు. పక్కన తొలెగెన్ భార్య అని రాశాడు. ఏడాది రాశాడు. తరువాత తలెత్తాడు.

"ఆగా, ఆ రోజు నేను..."

"అది నేను అడగలేదు" అన్నాడు తొలెగెన్. "అడగను కూడా. ఇది కర్మాగారం అడిగింది, కర్మాగారానికి చెప్పు."

"ఒక్క మాట..."

"సంతకం పెట్టు. తేదీ వెయ్యి. కిందకి వెళ్ళి రిజిస్టరులో నంబరు వేయించుకో. నంబరు లేకపోతే ఇచ్చినా ఇవ్వనట్టే."

ముర్జాబెక్ సంతకం పెట్టాడు. తేదీ వేశాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. తొలెగెన్ అప్పటికే వేరే కాగితం మీద స్కేలు పెట్టాడు. అడుగుల చప్పుడు మెట్ల మీద దిగిపోయింది.

సోమవారం డైరెక్టరు సంజాయిషీ చదివాడు. కూలీ కూడా ఆసుపత్రి నుంచే మనిషిని పంపి నిజమేనని చెప్పించాడు. మేస్త్రీ నుంచి కూడా సంజాయిషీ కోరారు, సరైన వరసలోనే. తుఫాను నాటి పాత సంగతిని బయటికి లాగుదామని ఎసెన్ చూశాడు. దానికి శిక్ష వేసే గడువు ఎప్పుడో దాటిపోయిందని రీమ్‌కుల్ ఒక్క మాటలో చెప్పింది. చెప్పకుండా పని వదిలినందుకు ముర్జాబెక్‌కి హెచ్చరిక మాత్రం వేశారు. శిక్షలన్నిటిలోకీ చిన్నది.

ఉత్తర్వు సంతకానికి వెళ్ళేముందు సరిచూడమని తొలెగెన్ బల్ల మీదకి వచ్చింది. రెండుసార్లు చదివాడు. మొదటిసారి మాటల కోసం, రెండోసారి నడక కోసం. నివేదిక, సంజాయిషీ, పరిశీలన, శిక్ష. 'సంజాయిషీ' ప్రతిచోటా సంజాయిషీగానే ఉంది. తేదీలు ఒకదాని వెనక ఒకటి నడిచాయి.

ముర్జాబెక్ కొలువులో ఉంటాడు. రేపు కూడా పెరట్లో బళ్ళ మధ్య నిలబడతాడు. సలాము చెబుతాడు. తొలెగెన్ గోడలా వెళ్ళిపోతాడు.

ఉత్తర్వులో తప్పు ఒక్కటి కూడా దొరకలేదు. ఇంకొకసారి వెతికాడు. లేదు. కింద మూలన తన పొట్టి సంతకం పెట్టి, పైకి పంపేశాడు.